బోరు నీళ్లతో నడిచే వాషింగ్ మెషీన్: డ్రమ్ క్లీన్ ఒక్కటే ఎందుకు సరిపోదు?

సంక్షిప్తంగా: వాషింగ్ మెషీన్‌లో నెలనెలా చేరేవి మూడు. నీటిలోని సున్నం వల్ల పట్టే గార, సబ్బు జిడ్డుతో ఏర్పడే జిగురు పొర, బట్టల పీచుతో కలిసి చేరే ఇసుక. డ్రమ్ క్లీన్ ప్రోగ్రామ్ ప్రధానంగా రెండోదానికి మాత్రమే పనికివస్తుంది. గారకు ఆమ్లం కావాలి, మూడోదాన్ని చేత్తో తీయాలి. ముందు ఫిల్టరు, తర్వాత గార, చివర డ్రమ్ క్లీన్ అనే వరుసలో చేస్తే ఒక పని మరొకదానికి అడ్డు రాదు.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు పెరిగిన కొద్దీ ఫ్రంట్ లోడ్ మెషీన్లు కూడా ఇళ్లలోకి వచ్చాయి. చాలా అపార్ట్‌మెంట్లలో మున్సిపాలిటీ నీరు తాగడానికి, వంటకు మాత్రమే సరిపోతుంది. స్నానానికి, బట్టలకు పై ట్యాంకు నుంచి వచ్చేది బోరు నీరే. మెషీన్ కొన్న కొన్ని నెలలకు తువ్వాళ్లు గరుకుగా మారడం, తలుపు తెరవగానే ముక్క వాసన రావడం, గాజు తలుపు కింది అంచున తెల్లని వలయం కనిపించడం మొదలవుతాయి. మెషీన్ మీద డ్రమ్ క్లీన్ లేదా టబ్ క్లీన్ అనే మీట ఉంటుంది కనుక దాన్ని నొక్కితే అన్నీ సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. వాసన కొంత తగ్గుతుంది, తెల్లని వలయం మాత్రం అలాగే ఉంటుంది. ఇందులో మెషీన్ లోపం ఏమీ లేదు. ఆ ప్రోగ్రామ్ ఉద్దేశించిన పని వేరు.

గార ఎలా పడుతుంది

బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వీటిలో బైకార్బనేట్ రూపంలో ఉన్న భాగం నీరు వేడెక్కినప్పుడు విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారి, వేడిగా ఉన్న ఉపరితలానికే అంటుకుంటుంది. స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున, గీజరు కాయిల్ మీద కనిపించే తెల్లని పెచ్చు ఇదే. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో డ్రమ్ కింద, బయటి టబ్ అడుగున, కంటికి కనబడని చోట ఒక హీటరు ఉంటుంది. గార మొదట పట్టేది దాని మీదే. గాజు తలుపు మీద తెల్లని వలయం కనిపించే సరికి హీటరు మీద అంతకంటే మందమైన పొర ఉండి ఉండవచ్చని భావించాలి.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం, అంటే కాల్షియం కార్బనేట్‌గా లెక్కగట్టిన ఈ లవణాల పరిమాణం, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేని చోట 600 వరకు అనుమతిస్తారు. అంటే తాగడానికి ఇబ్బంది లేని నీరు కూడా మెషీన్‌కు గార పట్టించేంత కఠినంగా ఉండవచ్చు. ఇంట్లో నీరు ఎంత కఠినమో తెలుసుకోవాలంటే కాఠిన్యాన్నే కొలిచే పరీక్ష పట్టీలు వాడాలి. టీడీఎస్ మీటరు అంకెను చూసి నిర్ణయించడం సరికాదు, ఎందుకంటే అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది. కళింగపట్నం, భోగాపురం వంటి తీర ప్రాంతాల్లో బోరుకు సముద్రపు ఉప్పు సోకితే టీడీఎస్ పెరుగుతుంది కానీ మామూలు ఉప్పు హీటరు మీద గార పట్టదు. అది చేసే నష్టం వేరు, లోహ భాగాలు త్వరగా తుప్పు పడతాయి. వాడుకలో రెండింటినీ ‘ఉప్పు నీళ్లు’ అనే అంటారు కనుక, తీరంలో ఉన్నవారు గార మందు కొనే ముందు తమ నీరు ఏ రకమో తేల్చుకోవడం మంచిది.

గార వల్ల కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందనే మాట తరచుగా వినిపిస్తుంది. మెషీన్ విషయంలో ఇది చాలావరకు అతిశయోక్తి. హీటరు నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి అది పుట్టించిన వేడి కాస్త ఆలస్యంగానైనా చివరికి నీటికే చేరుతుంది. అసలు నష్టం హీటరుకే. గార వేడిని సరిగా సాగనివ్వదు కనుక లోపలి తీగ, దాని పై తొడుగు ఉండవలసిన దానికంటే ఎక్కువ వేడెక్కుతాయి. కొంతకాలానికి తొడుగు పగిలి నీరు లోపలికి చేరుతుంది. అప్పుడు చల్లనీటి ప్రోగ్రామ్ మామూలుగా నడిచి, 60 డిగ్రీల ప్రోగ్రామ్ పెట్టినప్పుడు మాత్రం కొద్ది నిమిషాలకే ఇంట్లో ఎర్త్ లీకేజీ బ్రేకరు పడిపోతుంది. ఈ లక్షణం కనిపించిన తర్వాత గార మందు వేసి ప్రయోజనం లేదు, హీటరు మార్చవలసిందే.

జిగురు పొర వేరు, దాని మందు వేరు

మెషీన్ వాసనకు గార నేరుగా కారణం కాదు. బట్టల నుంచి వచ్చిన చెమట జిడ్డు, నూనె, పూర్తిగా కరగని సబ్బు, అవసరానికి మించి పోసిన ఫ్యాబ్రిక్ కండిషనరు కలిసి బయటి టబ్ గోడలకు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలకు సన్నని పొరగా అంటుకుంటాయి. అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నల్లని చుక్కలు, ముక్క వాసన వాటి ఫలితమే. ఎప్పుడూ చల్లనీటితోనే ఉతకడం, ఉతికిన వెంటనే తలుపు మూసేయడం ఈ పొరకు అనుకూలిస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా వాతావరణంలో, అందులోనూ వానాకాలంలో, మూసిన డ్రమ్ త్వరగా ఆరదు.

డ్రమ్ క్లీన్ ప్రోగ్రామ్ ఈ పొరను ఉద్దేశించినదే. బట్టలు లేకుండా మామూలు కంటే ఎక్కువ నీరు తీసుకుని, హీటరు ఉన్న మెషీన్‌లో బాగా వేడి చేసి, డ్రమ్‌ను వేగంగా తిప్పి, ఉతికేటప్పుడు తడవని గోడలకు కూడా నీటిని కొడుతుంది. అందులో వేసే పొడుల్లో చాలావాటికి మూలం సోడియం పెర్‌కార్బనేట్. ఇది నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, చాకలి సోడాగా విడిపోతుంది. మొదటిది జిగురు పొరను, దానిలోని జీవులను దెబ్బతీస్తే రెండోది జిడ్డును వదిలిస్తుంది. ఈ పొడి బాగా పనిచేయాలంటే నీరు కనీసం 40 డిగ్రీలు దాటి ఉండాలి.

ఇక్కడే గమనించవలసిన విషయం ఒకటి ఉంది. చాకలి సోడా క్షారం. క్షారం గారను కరిగించదు, పైపెచ్చు కఠిన జలంలోని కాల్షియంను కార్బనేట్‌గా విరిచి తెల్లని పొడిలా కిందికి దింపుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో డ్రమ్ క్లీన్ తర్వాత రబ్బరు మడతలో తెల్లని నలుసులు కనిపించడానికి ఒక కారణం ఇదే. గార కరగాలంటే ఆమ్లం కావాలి. రెండు పనులూ ఒకేసారి అవుతాయన్న ఆశతో నిమ్మ ఉప్పును, వంట సోడాను కలిపి వేసే అలవాటు కూడా చాలా ఇళ్లలో ఉంది. బుసబుసమని పొంగు వస్తుంది కనుక బాగా పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ, ఆ పొంగు ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చెల్లగొట్టుకుంటున్నాయనడానికి గుర్తు. మిగిలే నీటికి ఏ మురికి మీదా పెద్దగా బలం ఉండదు.

కలపకూడని జంట మరొకటి ఉంది, అది ప్రమాదకరం. బావుల్లో, ట్యాంకుల్లో వేసే బ్లీచింగ్ పౌడరును గానీ, క్లోరిన్ ఉన్న ద్రవ బ్లీచును గానీ నిమ్మ ఉప్పుతో, వెనిగరుతో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గాలి ఆడని బాత్రూములో మెషీన్ ఉన్న ఇళ్లలో ఇది ఊపిరాడని స్థితికి దారితీయవచ్చు. ఒకటి వాడిన తర్వాత మెషీన్‌ను ఒకసారి ఖాళీగా జాడించకుండా రెండోది వాడకూడదు.

ఒక ఇంటి లెక్క

విజయనగరంలో ఐదుగురున్న కుటుంబం, 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్, పై ట్యాంకు నుంచి బోరు నీరు, కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. నెలకు సుమారు 25 సార్లు ఉతుకుతారు, వాటిలో 10 సార్లు పిల్లల బట్టలకు, దుప్పట్లకు వేడినీటి ప్రోగ్రామ్ పెడతారు. సబ్బుతో ఉతికే దశలో మెషీన్ తీసుకునే నీరు 15 లీటర్లు అనుకుంటే ఒక్కో వేడి ఉతుకులో ఉన్న కాఠిన్యం 6 గ్రాములు, నెల మొత్తానికి 60 గ్రాములు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. డిటర్జెంటులో ఉండే పదార్థాలు కొంత కాల్షియంను పట్టి ఉంచుతాయి, కొంత నీటితో పాటు బయటికి పోతుంది, మిగిలినది మాత్రమే హీటరుకు అంటుతుంది.

కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు పేరుతో దొరికే సిట్రిక్ ఆమ్లం 100 గ్రాములు, రసాయన లెక్క ప్రకారం, 70 నుంచి 78 గ్రాముల వరకు కాల్షియం కార్బనేట్‌ను కరిగించగలదు. అందులో సుమారు 8 గ్రాములు మెషీన్‌లోకి వచ్చే బోరు నీటి కాఠిన్యానికే ఖర్చవుతాయి. అప్పటికీ మిగిలినది పై 60 గ్రాములకు చాలుతుంది. కాబట్టి ఈ ఇంటికి నెలకు 100 గ్రాములు సరిపోతుంది, అంతకు మించి వేయడం వృథా. ఆరు నెలలుగా ఏమీ చేయని మెషీన్ అయితే ఒకేసారి అర కిలో వేయడం కంటే వారం ఎడంతో 100 గ్రాముల చొప్పున రెండు మూడు సార్లు చేయడం మేలు. ఒక్కసారిగా పెచ్చులు ఊడితే పంపుకు అడ్డం పడతాయి.

అదే కుటుంబం మెత్తని నీరు వచ్చే చోట ఉంటే నెలనెలా ఆమ్లం వాడవలసిన అవసరం ఉండదు, మూడు నాలుగు నెలలకోసారి చాలు. ఆమ్లం గారతోనే ఆగదు. చాలా మెషీన్లలో డ్రమ్‌ను వెనుక నుంచి పట్టి ఉంచే మూడు కొమ్ముల చట్రం అల్యూమినియంతో చేసినది. కరిగించడానికి గార లేనప్పుడు తరచుగా ఆమ్లం వేస్తే దాని ప్రభావం ఆ లోహం మీద పడుతుంది. గారకోసం వెనిగరు కూడా వాడుతుంటారు కానీ, లీటర్ల కొద్దీ పోయవలసి రావడం, రబ్బరు భాగాల మీద దీర్ఘకాలంలో దాని ప్రభావం, పైగా వాసన, వీటి దృష్ట్యా నిమ్మ ఉప్పే మెరుగు. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో తయారీదారు ఫలానా పొడే వాడాలని చెప్పి ఉంటే, వారంటీ కాలంలో దానినే అనుసరించడం క్షేమం.

తెల్లగా కనిపించేదంతా గార కాకపోవచ్చు. తలుపు గాజు కింది అంచున ఉన్న తెల్లని పొర మీద చిటికెడు నిమ్మ ఉప్పు కలిపిన నీటిచుక్క వేసి దగ్గరగా చూస్తే, గార అయితే సన్నని బుడగలు లేచి పొర పలచబడుతుంది. బుడగలు రాకుండా వేలికి జారుడుగా తగిలితే అది డిటర్జెంటు అవశేషం. అక్కడ కావలసింది ఆమ్లం కాదు, పొడి మోతాదు తగ్గించడం.

నెలకోసారి చేసే పని, వరుసగా

మొదట ఫిల్టరు. గార వదిలించిన తర్వాత ఊడిన పెచ్చులన్నీ పంపు దగ్గరికే వస్తాయి. అప్పటికే అక్కడ పీచు నిండి ఉంటే నీరు పోవడం ఆగుతుంది. ఎల్‌జీ మెషీన్లలో OE అని తెర మీద కనిపించేది ఈ సందర్భంలోనే. ఫ్రంట్ లోడ్‌లో డ్రెయిన్ పంపు ఫిల్టరు సాధారణంగా ముందువైపు కింది మూలలో చిన్న మూత వెనుక ఉంటుంది. ప్లగ్గు తీసి, వేడినీటి ప్రోగ్రామ్ అయిన వెంటనే అయితే నీరు చల్లారే వరకు ఆగి, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, పక్కన సన్నని గొట్టం ఉంటే ముందు దాని బిరడా తీసి నీరు వదలాలి. ఆ తర్వాత ఫిల్టరును అపసవ్య దిశలో నెమ్మదిగా తిప్పి తీయాలి. తల వెంట్రుకలు చుట్టుకున్న పీచు ముద్ద, చిల్లర నాణేలు, పిన్నీసులు, జాకెట్టు హుక్కులు ఇందులో మామూలుగా దొరుకుతాయి.

ఫిల్టరు తీసిన రంధ్రంలోకి టార్చి వేస్తే పంపు రెక్క కనిపిస్తుంది. వేలితో తిప్పితే అది ఫ్యానులా తేలికగా తిరగదు, ఆగి ఆగి ఒక్కో మెట్టు చొప్పున కదులుతుంది. లోపల అయస్కాంతం ఉండటం వల్ల అలా అనిపించడం సహజం, పంపు పాడైందని కంగారు పడవలసిన పని లేదు. బొత్తిగా కదలకపోతేనో, రెక్క విరిగి వదులుగా ఊగుతుంటేనో లోపం ఉన్నట్టు. తిరిగి బిగించేటప్పుడు మర సరిగా పడిందో లేదో చూసుకుని, ఒక జాడింపు ప్రోగ్రామ్ నడిపి మూత దగ్గర చెమ్మ రాలేదని నిర్ధారించుకోవాలి.

రెండో జల్లెడ మెషీన్ వెనుక, నీటి గొట్టం బిగించే చోట ఉంటుంది. కుళాయి కట్టి, గొట్టం విప్పితే వేలి గోరంత ప్లాస్టిక్ వల కనిపిస్తుంది. పట్టుకారుతో లాగి పాత టూత్ బ్రష్షుతో కడిగితే చాలు. పై ట్యాంకు కడిగిన వారంలో, వానల్లో నీరు బురదగా వచ్చిన రోజుల తర్వాత, ఈ వలలో సన్నని ఇసుక, ట్యాంకు నాచు చేరుతాయి. నీరు నిండడానికి మునుపటి కంటే ఎక్కువ సమయం పడుతుంటే ముందుగా చూడవలసింది ఇదే. ప్రతి నెలా తప్పనిసరి కాదు కానీ, బోరులో ఇసుక వచ్చే ఇళ్లలో నెలకోసారి చూడటం అవసరం.

తర్వాత గార. డ్రమ్ ఖాళీగా ఉండాలి. నిమ్మ ఉప్పును పొడి వేసే అరలో కాకుండా నేరుగా డ్రమ్‌లో చల్లి, ప్రీవాష్ లేని కాటన్ ప్రోగ్రామ్‌ను 60 డిగ్రీల వద్ద పెట్టాలి. ఇంకా వేడి పెడితే ఇంకా బాగా కరుగుతుందనుకోవడం సరికాదు. కరిగిన గార నుంచి ఏర్పడే కాల్షియం సిట్రేట్ వేడి ఎక్కువైన కొద్దీ నీటిలో తక్కువగా కరుగుతుంది, అది మళ్లీ తెల్లని పొడిగా దిగే అవకాశం ఉంది. సాధారణంగా హీటరు సామర్థ్యం 2 కిలోవాట్లు ఉంటుంది. 15 లీటర్ల నీరు 30 డిగ్రీల నుంచి 60కి చేరడానికి దానికి సుమారు 16 నిమిషాలు పడుతుంది. అరగంట గడిచినా తలుపు గాజు చేతికి వెచ్చగా తగలకపోతే హీటరు పనిచేయడం లేదని అనుమానించాలి. వీలైతే నీరు వేడెక్కిన తర్వాత ప్రోగ్రామ్‌ను అరగంట ఆపి ఉంచి, మళ్లీ కొనసాగించవచ్చు. ఆమ్లానికి కాస్త వ్యవధి దొరికితే మందమైన పొర కూడా మెత్తబడుతుంది.

గార పని పూర్తయ్యాక ఒకసారి ఖాళీగా జాడించి, అప్పుడే డ్రమ్ క్లీన్ నడపాలి. ఈ వరుసకు కారణం ఉంది. గార గరుకైన పొర, దాని సందుల్లో జిగురు దాక్కుంటుంది. గార పోయిన తర్వాత వేసిన పెర్‌కార్బనేట్ పొడి టబ్ గోడను నేరుగా తాకుతుంది. రెండూ ఒకే రోజు చేసే తీరిక లేకపోతే గార ఒక ఆదివారం, డ్రమ్ క్లీన్ మరో ఆదివారం పెట్టుకున్నా నష్టం లేదు, వరుస మారకపోతే చాలు. డ్రమ్ క్లీన్‌కు ముందు రబ్బరు మడతను వెనక్కి లాగి లోపలి అంచును తడిగుడ్డతో తుడవాలి. అడుగున ఉండే చిన్న రంధ్రాలు పీచుతో మూసుకుపోతే అక్కడ నిలిచిన నీరే వాసనకు మూలమవుతుంది. డిటర్జెంటు అరను పూర్తిగా బయటికి లాగి కడగడం ఐదు నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక డ్రెయిన్ ఫిల్టరును మరోసారి తీసి చూడాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. గుడ్డు పెంకు ముక్కల్లాంటి తెల్లని పెచ్చులు అందులో కనిపిస్తే హీటరు మీద పొర మందంగా ఉండేదని, వచ్చే నెల కూడా ఆమ్లం అవసరమని అర్థం. ఏమీ లేకపోతే ఆ ఇంటికి ఎడం పెంచవచ్చు.

టాప్ లోడ్ మెషీన్ల సంగతి

మన ప్రాంతంలో ఎక్కువ ఇళ్లలో ఉన్న టాప్ లోడ్ మెషీన్లలో చాలావాటికి హీటరు ఉండదు. అందువల్ల గార సమస్య తక్కువ, సబ్బు తెట్టు సమస్య ఎక్కువ. ముఖ్యంగా బట్టల సబ్బు రుద్ది మెషీన్‌లో వేసే ఇళ్లలో, సబ్బు కఠిన జలంలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని బూడిద రంగు తెట్టుగా మారి, కింద తిరిగే పల్సేటరు అడుగున గట్టిపడుతుంది. వీటిలో టబ్ క్లీన్ చేసేటప్పుడు పెర్‌కార్బనేట్ పొడిని బకెట్టు వేడినీటిలో కలిపి పోసి, నీరు నిండాక ఒకటి రెండు గంటలు నానబెట్టడం ఉపయోగకరం. చల్లనీటిలో ఆ పొడి నెమ్మదిగా పనిచేస్తుంది కనుక ఈ వ్యవధి తగ్గించకూడదు. మరుగుతున్న నీరు పోయడం ప్లాస్టిక్ టబ్‌కు మంచిది కాదు. డ్రమ్ గోడకు ఉండే పీచు సంచిని మాత్రం నెలకోసారి కాదు, రెండు మూడు ఉతుకులకోసారి విదిలించాలి. అది చిరిగితే కుట్టి వాడటం కంటే కొత్తది వేయడం నయం, ఎందుకంటే చిన్న కన్నం నుంచి జారిన పీచు మొత్తం డ్రెయిన్ గొట్టంలోకి పోతుంది.

ఇంట్లో చేసేదానికి పరిమితి

రెండు మూడు సార్లు గార వదిలించినా 60 డిగ్రీల ప్రోగ్రామ్ మునుపటి కంటే చాలా ఎక్కువ సేపు నడుస్తుంటే, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు మీద పొర మిగిలి ఉండవచ్చు, లేదా హీటరు బలహీనపడి ఉండవచ్చు. దాన్ని మల్టీమీటరుతో పరీక్షించడం మెకానిక్ పని. స్పిన్ సమయంలో వెనుక నుంచి గరగరమనే శబ్దం వస్తే అది బేరింగు లేదా వెనుక చట్రానికి సంబంధించినది. ఏ పొడి వేసినా తగ్గదు, ఆలస్యం చేస్తే ఖర్చు పెరుగుతుంది. తీర ప్రాంతాల్లో బాల్కనీలో మెషీన్ పెట్టిన ఇళ్లలో కింది బాడీ రేకుకు పట్టే తుప్పు కూడా ఈ నెలవారీ పనితో ఆగదు. అక్కడ చేయగలిగింది మెషీన్‌ను స్టాండు మీద ఎత్తి పెట్టి, ఉప్పుగాలి నేరుగా తగలని గోడ వైపుకు మార్చడం.